ఏటా 20 వేల స్కాలర్‌షిప్ ఎప్పటికీ ఆగకూడదంటే మూలనిధి ఎంత ఉండాలి?

మన సంఘానికి విరాళం ఇచ్చేవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మా నాన్నగారి పేరుమీద ఒక స్కాలర్‌షిప్ పెట్టాలనుకుంటున్నాం. ఏటా ఒక విద్యార్థికి ఇవ్వాలి, మా తర్వాత కూడా అది ఆగకూడదు. ఒకేసారి ఎంత కట్టమంటారు?" దీనికి సమాధానం లెక్కలోనే ఉంది. అయితే అందరూ సాధారణంగా వేసే లెక్క ఒకటి, వేయవలసిన లెక్క మరొకటి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో, అది ఎందుకు వస్తుందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆగిరిపల్లి మండలంలో పదో తరగతి పాసై ఇంటర్మీడియెట్‌లో చేరే ఒక పేద విద్యార్థికి ఏటా 20,000 రూపాయలు ఇవ్వాలని ఒక దాత సంకల్పించారు అనుకుందాం. నిధి మీద ఏటా 7 శాతం రాబడి వస్తుందనుకుందాం. ఈ 7 శాతం కేవలం లెక్క కోసం పెట్టుకున్న అంకె. రాబడి ఎక్కడినుంచి రావాలి, అది మనకు ధర్మసమ్మతమా కాదా అన్నది తర్వాత మాట్లాడుకుందాం.

అందరూ వేసే లెక్క

నూరు రూపాయలకు 7 రూపాయలు వస్తే 20,000 రావడానికి ఎంత కావాలి? 20,000ను 7తో భాగించి 100తో గుణిస్తే 2,85,714 రూపాయలు. అంటే సుమారు 2 లక్షల 86 వేలు. దాత ఆ మొత్తం కడతారు, సంఘం రసీదు ఇస్తుంది, ఏటా వచ్చిన 20,000 ఏటా పంచుతారు. అసలు అలాగే ఉంటుంది. చూడడానికి లెక్క సరిగ్గానే ఉంది.

ఈ లెక్క ఒక షరతు మీద నిజం. ధరలు ఎప్పటికీ పెరగకూడదు. కాలేజీ ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు, హాస్టల్ భోజనం అన్నీ ఈ ఏడాది ఎంత ఉన్నాయో 30 ఏళ్ల తర్వాత కూడా అంతే ఉండాలి. అలా ఉండవని మనందరికీ తెలుసు. అయినా నిధి పెట్టేటప్పుడు ఆ సంగతి లెక్కలోకి రాదు.

ఫలితం ఎలా ఉంటుందో ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారందరూ చూసే ఉంటారు. ఎప్పుడో ఒక పెద్దమనిషి పేరున పాఠశాలలో పెట్టిన బహుమతి, క్లాసులో మొదటి వచ్చిన విద్యార్థికి 116 రూపాయలు. పెట్టిన రోజుల్లో ఆ డబ్బుతో ఏడాది పుస్తకాలన్నీ వచ్చేవి. ఈరోజు ఒక మంచి నోట్సు పుస్తకం, రెండు పెన్నులు వస్తే గొప్ప. అసలు పోలేదు, ఎవరూ తినలేదు, బహుమతి ఒక్క ఏడాది కూడా ఆగలేదు. కానీ దాత ఉద్దేశించిన సాయం మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

చదువు ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే 14 ఏళ్లలో అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే 2,86,000 నిధి నుంచి అప్పుడు వచ్చే 20,000 నేటి 10,000తో సమానం. 28 ఏళ్లకు నేటి 5,000తో సమానం. దాత పెట్టినది శాశ్వత స్కాలర్‌షిప్ అని బోర్డు మీద ఉంటుంది. విద్యార్థి చేతికి వచ్చేది మాత్రం ఏటేటా చిక్కిపోతుంటుంది.

మొదలు అంటే ఏమిటి?

మన సంప్రదాయంలో ఈ ఆలోచనకు పునాది హజ్రత్ ఉమర్ (రజి) గారి ఖైబర్ భూమి. తనకు దక్కిన ఆ మంచి భూమిని ఏం చేయమంటారని ఆయన దైవప్రవక్త (స) వారిని అడిగారు. మొదలును ఉంచి, దాని ఫలసాయాన్ని దానం చేయవచ్చని ప్రవక్త (స) సూచించారు. ఉమర్ గారు అలాగే చేశారు. ఆ భూమిని అమ్మకూడదు, ఎవరికీ బహుమతిగా ఇవ్వకూడదు, వారసులకు పంచకూడదు. వచ్చిన ఆదాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు ఖర్చు కావాలి. వక్ఫ్ గురించి మాట్లాడే పండితులందరూ ఈ సంఘటన దగ్గరే మొదలుపెడతారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన నిలిపింది భూమి. ధరలు పెరిగితే భూమి మీద పండే పంట ధర కూడా పెరుగుతుంది. కాబట్టి మొదలు తనంతట తాను నిలబడుతుంది. మనం నిలుపుతున్నది రూపాయలు. రూపాయల సంఖ్య అలాగే ఉన్నంత మాత్రాన మొదలు నిలబడినట్టు కాదు. ఆ రూపాయలతో ఎంత చదువు కొనగలమో అది నిలబడాలి.

మన మామిడి రైతులకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. నూరు చెట్ల తోటలో ఏటా రెండు మూడు చెట్లు ఎండిపోతుంటాయి. కాయ అమ్మిన డబ్బులోంచి కొంత తీసి కొత్త అంట్లు నాటకపోతే, ఎవరూ ఒక్క చెట్టు నరకకపోయినా ఇరవై ఏళ్లకు తోట సగమవుతుంది. ధరల పెరుగుదల అనేది మన నిధిలో ఏటా ఎండిపోయే చెట్లలాంటిది. వచ్చిన రాబడిలో కొంత తిరిగి మూలనిధిలో నాటాలి. మిగిలినదే మనం పంచదగ్గ ఫలం.

వేయవలసిన లెక్క

రాబడి 7 శాతం, చదువు ఖర్చు పెరుగుదల 5 శాతం. ఈ 5 శాతాన్ని మూలనిధిలో తిరిగి కలిపితేనే నిధి ఖర్చుతో సమానంగా పెరుగుతుంది. కాబట్టి పంచగలిగేది మిగిలిన 2 శాతమే. సూత్రం ఇది:

మూలనిధి = మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ÷ (రాబడి శాతం − పెరుగుదల శాతం)

మన ఉదాహరణలో 20,000ను 2 శాతంతో భాగిస్తే 10,00,000 వస్తుంది. 2 లక్షల 86 వేలు కాదు, 10 లక్షలు. మొదటి స్కాలర్‌షిప్ నిధి పెట్టిన ఏడాది తర్వాత ఇస్తామన్న లెక్క ఇది. నిధి పెట్టిన రోజునే మొదటి స్కాలర్‌షిప్ కూడా ఇవ్వాలనుకుంటే ఆ 20,000 అదనంగా కట్టాలి.

సూత్రాన్ని నమ్మనక్కర్లేదు, చేత్తో లెక్క వేసి చూడవచ్చు. మూడేళ్ల లెక్క ఇక్కడ ఇస్తున్నాను.

| ఏడాది | ఏడాది మొదట నిధి | 7 శాతం రాబడి | స్కాలర్‌షిప్ | నిధికి తిరిగి కలిపింది |
|---|---|---|---|---|
| 1 | 10,00,000 | 70,000 | 20,000 | 50,000 |
| 2 | 10,50,000 | 73,500 | 21,000 | 52,500 |
| 3 | 11,02,500 | 77,175 | 22,050 | 55,125 |

నాలుగో ఏడాది మొదట నిధి 11,57,625 అవుతుంది. స్కాలర్‌షిప్ ఏటా 5 శాతం పెరిగింది, నిధి కూడా ఏటా 5 శాతం పెరిగింది. రెండూ చేయి చేయి పట్టుకుని నడుస్తున్నాయి కాబట్టి ఇది ఎన్నేళ్లయినా సాగుతుంది.

మొదటి ఏడాది 70,000 వస్తే అందులో 20,000 మాత్రమే ఇవ్వడం చూసి కొందరు దాతలకు అసంతృప్తి కలగడం సహజం. "మిగిలిన 50,000 కూడా ఇస్తే ఇంకో ఇద్దరు పిల్లలు చదువుకుంటారు కదా" అంటారు. నిజమే, ఈ ఏడాది చదువుకుంటారు. కానీ ఆ 50,000 మిగులు కాదు, ఎండిన చెట్ల స్థానంలో నాటవలసిన అంట్ల ఖర్చు. అది పంచేస్తే, రాబోయే పిల్లల వంతును ఈనాటి పిల్లలకు ఇచ్చినట్టే.

ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది. నిధి 2 లక్షల 86 వేలే ఉంచి, స్కాలర్‌షిప్ మాత్రం ఏటా 5 శాతం పెంచుకుంటూ పోతే? అప్పుడు రెండో ఏడాది నుంచే రాబడి చాలదు, అసలులోంచి కొద్దికొద్దిగా తీయాలి. మొదట్లో వెయ్యి రూపాయలే కాబట్టి ఎవరికీ కనిపించదు. 17 స్కాలర్‌షిప్‌లు పూర్తిగా ఇవ్వగలుగుతాం, 18వ ఏడాది నిధి ఖాళీ అవుతుంది. శాశ్వతమని పేరు పెట్టిన నిధి, అది పెట్టిన ఏడాది పుట్టిన బిడ్డ ఇంటర్ దాటేసరికి ఉండదు.

ఏభై రెట్ల కొలత

10 లక్షలు 20 వేలకు 50 రెట్లు. రాబడికి, పెరుగుదలకు మధ్య తేడా 2 శాతం అనుకున్నంతకాలం, ఏ స్కాలర్‌షిప్‌కైనా దానికి 50 రెట్లు మూలనిధి కావాలి. ఏటా 5,000 ఇవ్వాలంటే రెండున్నర లక్షలు. ఏటా 50,000 ఇవ్వాలంటే 25 లక్షలు. తిరగేసి చెప్పాలంటే, దాత ఇచ్చే ప్రతి లక్ష రూపాయలు మొదటి ఏడాది 2,000 రూపాయల స్కాలర్‌షిప్‌ను నిలబెడతాయి, ఆ తర్వాత అది ధరలతోపాటు పెరుగుతుంది. ఇది గుర్తుంచుకుంటే కాగితం, పెన్ను లేకుండానే దాతకు సమాధానం చెప్పవచ్చు.

అయితే ఈ 50 అనే అంకె ఎంత సున్నితమైనదో కూడా చెప్పాలి. రాబడి 7 బదులు 6 శాతమే వస్తే తేడా 1 శాతానికి పడిపోతుంది. అప్పుడు 20,000 కోసం 20 లక్షలు కావాలి. రాబడి 8 శాతం వస్తే 6 లక్షల 67 వేలు చాలు. ఒక్క శాతం అటూ ఇటూ అయితే కావలసిన నిధి రెట్టింపు కావచ్చు, లేదా మూడో వంతు తగ్గవచ్చు. వచ్చే 40 ఏళ్ల రాబడిని, ధరలను ముందే చెప్పగలవారు ఎవరూ లేరు. రాబడి పెరుగుదలకు సమానమైనా, తక్కువైనా సూత్రం అసలు పనిచేయదు. అప్పుడు ఎంత నిధి పెట్టినా శాశ్వతం కాదు.

అందుకే "ఏటా 5 శాతం పెంచి ఇస్తాం" అని పత్రంలో రాయడంకంటే "ఏడాది మొదట ఉన్న నిధిలో 2 శాతం ఇస్తాం" అని రాయడం మంచిది. మంచి ఏడాదుల్లో రెండూ ఒకటే. తేడా చెడ్డ ఏడాదిలో తెలుస్తుంది. పై పట్టికలో నాలుగో ఏడాది రాబడి 2 శాతమే వచ్చిందనుకోండి. 11,57,625 మీద 23,152 వస్తుంది. ఆ ఏడాది స్కాలర్‌షిప్ కూడా అంతే. నిధికి కలిపేది ఏమీ ఉండదు, కాబట్టి ఐదో ఏడాది స్కాలర్‌షిప్ పెరగకుండా 23,152 వద్దే ఆగుతుంది. ఎవరూ సమావేశం పెట్టి వాదించనక్కర్లేదు, నియమమే పెంపును ఆపుతుంది.

నిధి విలువే పడిపోయే ఏడాది కూడా రావచ్చు. నాలుగో ఏడాది 10 శాతం నష్టం వస్తే, స్కాలర్‌షిప్ ఇచ్చాక నిధి సుమారు 10,18,700 అవుతుంది. దానిలో 2 శాతం అంటే 20,374. విద్యార్థి వంతు ఒక్కసారిగా దాదాపు 2,800 తగ్గిపోతుంది. దీన్ని మెత్తబరచడానికి, గత మూడేళ్ల మొదట్లో ఉన్న నిధుల సగటు మీద 2 శాతం ఇవ్వవచ్చు. 11,02,500, 11,57,625, 10,18,700 ఈ మూడింటి సగటు దాదాపు 10,92,900. స్కాలర్‌షిప్ సుమారు 21,860. ఒక ఏడాది కాపు చూసి మరో ఏడాది ఖర్చులు నిర్ణయించుకోని మామిడి రైతు లెక్కే ఇది.

నిధి ఆరోగ్యాన్ని కనిపెట్టడానికి కూడా ఇదే కొలత పనికొస్తుంది. ఏటా మార్చి 31న ఉన్న నిధిని ఆ ఏడాది ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో భాగించండి. 50 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే బాగుంది. 45 అయితే పెంపు ఆపాలి. 40 కన్నా తగ్గితే స్కాలర్‌షిప్ తగ్గించాలి, లేదా కొత్త విరాళాలు తేవాలి. బ్యాంకులో నిల్వ తగ్గలేదన్న ఒక్క మాటతో తృప్తిపడకూడదు.

నోబెల్ నిధి అనుభవం

ఈ లెక్క తప్పితే ఎంత పెద్ద నిధికైనా ఏమవుతుందో నోబెల్ బహుమతుల చరిత్ర చెబుతుంది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వీలునామా ప్రకారం ఏర్పడిన మూలనిధి సుమారు 3 కోట్ల 10 లక్షల స్వీడిష్ క్రోనార్లు. 1901లో ఒక్కొక్క బహుమతి 1,50,782 క్రోనార్లు. నిధిని భద్రంగా ఉంచాలని బాండ్లు, హామీ ఉన్న రుణాల్లోనే పెట్టారు. పైగా పన్నులు కట్టవలసి వచ్చింది. 1923 నాటికి బహుమతి 1,14,935 క్రోనార్లకు తగ్గింది. ఈలోగా ధరలు పెరిగాయి కాబట్టి అసలు విలువ ఇంకా ఎక్కువ పడిపోయింది.

పన్ను మినహాయింపు 1946లో వచ్చింది. 1953లో నియమాలు మార్చి షేర్లలో, స్థిరాస్తుల్లో పెట్టే వీలు కల్పించారు. అప్పటినుంచి నిధి మెల్లగా కోలుకుంది. అయినా బహుమతి అసలు విలువ 1901 నాటి స్థాయికి తిరిగి చేరింది 1991లోనే. తొంభై ఏళ్లు పట్టింది. 2012లో మళ్లీ నిధి తట్టుకోవాలని బహుమతిని కోటి క్రోనార్ల నుంచి 80 లక్షలకు తగ్గించారు. ప్రపంచమంతా చూస్తున్న బహుమతి మొత్తాన్ని తగ్గించడానికి వారు వెనుకాడలేదు. నిధి, బహుమతి మధ్య నిష్పత్తిని కాపాడడమే ముఖ్యమని వారికి అనుభవంతో తెలిసింది.

రాబడి ఎక్కడినుంచి?

ఇక మనవారికి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ తేలిక, భద్రం. కానీ దానిమీద వచ్చేది వడ్డీ. వడ్డీతో పుణ్యకార్యం నడపడానికి చాలామంది దాతలు ఒప్పుకోరు, ఆ అభ్యంతరాన్ని గౌరవించాలి. మన దేశంలో వడ్డీ లేని ఇస్లామిక్ బ్యాంకు లేదు. కాబట్టి రెండు దారులు మిగులుతాయి.

మొదటిది అద్దె. ఊళ్లో 10 లక్షలకు ఒక చిన్న షాపు గది వచ్చిందనుకుందాం. నెలకు 3,000 అద్దె అంటే ఏడాదికి 36,000. అందులో ఒక నెల ఖాళీగా ఉంటుందని 3,000, ఇంటిపన్ను, మరమ్మతులకు 4,000 తీసేస్తే 29,000 మిగులుతుంది. 20,000 స్కాలర్‌షిప్‌కు ఇచ్చి, 9,000 ఏటా పక్కన పెట్టాలి. పదేళ్లకోసారి శ్లాబు, షట్టరు, వైరింగ్ పని పడినప్పుడు ఆ డబ్బే ఆదుకుంటుంది. ఇక్కడ రాబడి చూడడానికి 3 శాతమే, కానీ షాపు విలువ, అద్దె ధరలతోపాటు పెరుగుతాయి. ఖైబర్ భూమిలాగే మొదలు తనంతట తాను నిలబడుతుంది. ఇబ్బంది ఏమిటంటే అంతా ఒకే గది, ఒకే అద్దెదారు మీద ఆధారపడి ఉంటుంది. అద్దె పెంచడానికి మొహమాటపడితే మాత్రం ఇదీ 116 రూపాయల బహుమతిలాగే అవుతుంది. అందుకని అద్దె ఒప్పందంలోనే ఏటా పెంపు రాసుకోవాలి.

రెండోది షరియా నియమాల ప్రకారం ఏరిన కంపెనీల షేర్లలో మాత్రమే పెట్టే మ్యూచువల్ ఫండ్లు. బ్యాంకులు, మద్యం వంటి వ్యాపారాలు చేసే కంపెనీలను, అప్పులు ఎక్కువగా ఉన్నవాటిని ఇవి వదిలేస్తాయి. దీర్ఘకాలంలో ధరల పెరుగుదలను దాటే అవకాశం వీటికి ఉంది, కానీ ఏ హామీ లేదు. పైన చెప్పిన 10 శాతం నష్టం కన్నా పెద్ద నష్టం వచ్చే ఏడాదులూ ఉంటాయి. అందుకే ఇందులో పెట్టినప్పుడు మూడేళ్ల సగటు నియమం తప్పనిసరి. కనీసం రెండేళ్ల స్కాలర్‌షిప్‌కు సరిపడా నగదు విడిగా ఉంచుకోవాలి. అప్పుడు మార్కెట్ పడినప్పుడు యూనిట్లు అమ్మవలసిన అవసరం రాదు.

పూర్వం డబ్బు రూపంలోని వక్ఫ్‌ను నమ్మకస్తుడైన వ్యాపారికి లాభంలో వాటా పద్ధతిపై ఇచ్చేవారు. ఈరోజు రిజిస్టరైన ధర్మసంస్థ అలా చేయలేదు. ఆదాయపు పన్ను చట్టం ధర్మసంస్థల నిధులను ఏయే రూపాల్లో పెట్టవచ్చో నిర్దేశించింది. స్థిరాస్తి, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అందులో ఉన్నాయి. వ్యక్తులకు, దుకాణాలకు వాటాగా ఇవ్వడం లేదు. అలా చేస్తే పన్ను మినహాయింపుకే ముప్పు.

విరాళం ఇచ్చేటప్పుడు రాయవలసినది

మూలనిధికి జకాత్ డబ్బు ఇవ్వకూడదు. జకాత్ అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతమయ్యేలా చేరాలన్నది అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. దాన్ని మూలనిధిలో నిలిపితే అది ఎవరి సొంతమూ కాదు. కాబట్టి మూలనిధికి సదఖా, అంటే సదఖా జారియా ఉద్దేశంతో ఇచ్చిన డబ్బే ఉండాలి. జకాత్ ఇవ్వదలచినవారు ఆ ఏడాది స్కాలర్‌షిప్‌కు, అర్హుడైన విద్యార్థికి అందేలా విడిగా ఇవ్వవచ్చు. రెండు ఖాతాలు వేరుగా ఉండాలి.

విరాళంతోపాటు ఒక ఉత్తరం తప్పనిసరి. ఈ మొత్తం మూలనిధికి మాత్రమే అని దాత రాతపూర్వకంగా చెప్పకపోతే పన్ను లెక్కలో అది ఆ ఏడాది మామూలు ఆదాయం అవుతుంది. ఉత్తరం నాలుగు వాక్యాలు ఉంటే చాలు:

"ఈ మొత్తాన్ని సంఘం మూలనిధిగా నిలపాలని ఇస్తున్నాను. ఏటా గత మూడేళ్ల నిధి సగటులో 2 శాతానికి మించకుండా స్కాలర్‌షిప్‌గా ఇవ్వాలి. మిగిలిన రాబడిని మూలనిధిలోనే కలపాలి. ఇంటర్మీడియెట్ అనే చదువు ఎప్పుడైనా మారితే దానికి సమానమైన చదువుకు ఇవ్వవచ్చు."

రాబడిని తిరిగి కలపడంలో ఒక చిక్కుంది. ధర్మసంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు చేయాలి, 15 శాతం వరకు షరతు లేకుండా మిగుల్చుకోవచ్చు. 70,000లో 50,000 మిగిలిస్తే ఈ నియమం దాటినట్టే కదా? అయితే ఈ 85 శాతం ఒక్క నిధికి కాదు, సంస్థ మొత్తం ఆదాయానికి. సంఘానికి మామూలు విరాళాలు కలిపి ఏడాదికి 5 లక్షల ఆదాయం ఉంటే 15 శాతం అంటే 75,000. అందులో 50,000 ఇమిడిపోతుంది. నిధి తప్ప వేరే ఆదాయం లేని చిన్న సంస్థకు మాత్రం ఇది ఇబ్బంది. అటువంటివారు ఏటా డబ్బు చేతికి వచ్చే పెట్టుబడి కాక, విలువ లోపలే పెరిగే యూనిట్లు ఎంచుకోవాలి. నిధి పెట్టకముందే ఆడిటరు గారితో ఈ విషయం తేల్చుకోవాలి.

10 లక్షలు లేకపోతే?

అందరూ 10 లక్షలు ఇవ్వలేరు. 4 లక్షలు ఉన్న కుటుంబం ఏం చేయాలి? ముందు పోగేసి, పెరిగాక మొదలుపెడదామన్న ఆలోచన అంత లాభం కాదు. 5 లక్షలను ఏమీ ఖర్చు చేయకుండా 10 ఏళ్లు ఉంచితే 7 శాతం చొప్పున 9 లక్షల 83 వేలవుతుంది. కానీ అప్పటికి కావలసిన నిధి కూడా 10 లక్షల నుంచి 16 లక్షల 29 వేలకు పెరిగి ఉంటుంది. పదేళ్ల నిరీక్షణ తర్వాత సగం దూరం నుంచి 60 శాతం దూరానికి వస్తాం, అంతే. ఈలోగా పది మంది పిల్లలు సాయం లేకుండా వెళ్లిపోతారు.

మంచి దారి కలిపి నడవడం. 4 లక్షల మూలనిధి మొదటి ఏడాది 8,000 ఇస్తుంది. మిగిలిన 12,000 ఆ కుటుంబం లేదా మిత్రులు ఏటా విరాళంగా ఇస్తారు. ఎప్పుడు ఇంకో లక్ష మూలనిధికి చేరితే అప్పుడు ఏటా ఇవ్వవలసినది నేటి ధరల్లో 2,000 తగ్గుతుంది. ఆరు లక్షలు చేరేసరికి విరాళం అవసరం పోతుంది.

ఏటేటి విరాళం తక్కువదేమీ కాదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ప్రకటించడం మన తెలుగు విద్యాచరిత్రలో గొప్ప ఘట్టం. మన కొలత ప్రకారం ఆ లక్షకు మూలనిధి 50 లక్షలు ఉండాలి. అంత రొక్కం ఒకేసారి తీయడంకన్నా ఏటా ఇవ్వడం ఏ దాతకైనా సులువు. కానీ ఏటేటి విరాళం ఇచ్చేవారి ఆదాయం ఉన్నంతవరకే. 1950లలో ఎస్టేట్లు రద్దైనప్పుడు జమీందారీ ఆదాయాలే లేకుండా పోయాయి. మూలనిధి ఆ ఆధారపడడాన్ని మెల్లగా తగ్గిస్తుంది.

మూలనిధి పెట్టాక కూడా చేర్పులు ఆగకూడదు. ఉస్మానియా సామ్రాజ్యంలో బుర్సా నగరపు డబ్బు వక్ఫ్‌ల లెక్కలను టర్కీ ఆర్థిక చరిత్రకారుడు మురాత్ చిజాక్చా పరిశీలించారు. వాటిలో నూరేళ్లు దాటి నిలిచినవి దాదాపు ఐదింట ఒక వంతు. నిలిచినవాటికి తోడ్పడిన కారణాల్లో ముఖ్యమైనది, తర్వాతి తరాలవారు మూలధనానికి కొత్తగా చేర్చిన సొమ్ము. సూత్రం ఊహించని చెడ్డ ఏడాదులను ఆ చేర్పులే పూడ్చాయి.

కాబట్టి తండ్రి పేర స్కాలర్‌షిప్ పెట్టే కుటుంబం రెండు మాటలు రాసిపెట్టుకోవాలి. ఏటా మార్చి 31న నిధి స్కాలర్‌షిప్‌కు ఎన్ని రెట్లుందో సంఘాన్ని అడగాలి. అది 50కి తగ్గిన ఏడాది, తగ్గినంత మేర మూలనిధికి చేర్చాలి. ఉదాహరణకు 20,000 స్కాలర్‌షిప్‌కు నిధి 9,60,000 ఉంటే రెట్లు 48, చేర్చవలసినది 40,000. నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే తలా 10,000.